మాట రాని పిల్లవాడు, మాట్లాడే ఫోను

మా సంస్థ నడుపుతున్న పసిపిల్లల సంరక్షణ కేంద్రానికి ఒక దాత పెద్ద టీవీ ఇప్పిస్తామని ముందుకొచ్చారు. పిల్లలకు పాటలు, రంగులు, అంకెలు చూపించవచ్చని వారి ఉద్దేశం. మంచి మనసుతో అన్న మాటే. అయినా మేము వద్దన్నాం. ఇచ్చే చేతిని వెనక్కి పంపడం మాకూ ఇబ్బందిగానే తోచింది. ఎందుకు వద్దన్నామో ఆ రోజు నిలబడి రెండు ముక్కల్లో చెప్పలేకపోయాం. ఈ సంచికలో కాస్త తీరిగ్గా రాద్దామనుకున్నాం. ఇది ఆ ఒక్కరికే కాదు, ఇంట్లో రెండు మూడేళ్ళ మనవడో మనవరాలో ఉన్న ప్రతి పాఠకునికీ పనికొస్తుందని మా నమ్మకం.

మా కేంద్రానికి వచ్చే పిల్లల తల్లులు ఎక్కువమంది కుట్టుపని చేసుకునేవారు. రాయలసీమలో చాలా ఇళ్ళ మాదిరే తండ్రులు కువైట్‌లోనో, ఖతార్‌లోనో ఉంటారు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, ఫోనులో హిందీ, ఇంగ్లీషు. ఇలాంటి ఇంటి నుంచే రెండేళ్ళ నాలుగు నెలల బాబు ఒకడు మా దగ్గరికి వచ్చాడు. పేరు ఇక్కడ రాయం, బాబు అనే అందాం. వాళ్ళ నానీ వాణ్ణి చేర్పించేటప్పుడు ఎంతో మురిపెంగా చెప్పింది, "మా వాడికి ఏ నుంచి జెడ్ దాకా వచ్చు సార్, ఇంగ్లీషులో రంగులన్నీ చెప్తాడు" అని. నిజమే, చెప్పాడు. రెడ్, బ్లూ, ఎల్లో అని కార్టూన్‌లో వచ్చే గొంతుతోనే పలికాడు. పదింటి వరకు లెక్కపెట్టాడు. మధ్యాహ్నం దాహం వేసినప్పుడు మాత్రం మా ఆయా చెయ్యి పట్టుకుని కుండ దగ్గరికి లాక్కెళ్ళి నిలబడ్డాడు. పానీ అనలేదు, నీళ్ళు అనలేదు, వాటర్ కూడా అనలేదు.

ఈ తేడా దగ్గరే ఆగి ఆలోచించాలి. ఇరవై ఆరు అక్షరాలు అప్పజెప్పే నోటికి ఒక్క అవసరం అడగడం ఎందుకు రాలేదు? వాడికి తెలివి లేక కాదు. వాడు విన్నవన్నీ వాడితో అన్న మాటలు కావు గనుక. తెర మీద బొమ్మ రెడ్ అంటుంది. బాబు ఏమన్నా, ఏమీ అనకపోయినా ఆ తర్వాత బ్లూ అనే అంటుంది. వాడి మాటకు అక్కడ ఏ ఫలితమూ లేదు. ఇంట్లో అలా కాదు. పిల్లవాడు "పా" అంటే అమ్మీ తిరిగి చూస్తుంది, "పానీ హోనా?" అంటుంది, గ్లాసు చేతికిస్తుంది. నోటి నుంచి ఒక చప్పుడు వస్తే ఒక మనిషి కదిలిందన్న సంగతి వాడికి అర్థమవుతుంది. భాష అక్కడ మొదలవుతుంది. మాటకు మాట అందడం అన్నది పసివాడికి అలంకారం కాదు, అదే వాడి బడి.

దీన్ని పరీక్షించి చూసినవారున్నారు. 2003లో అమెరికాలోని సియాటెల్‌లో పట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు ఇంగ్లీషు ఇళ్ళలో పెరుగుతున్న తొమ్మిది నెలల పిల్లలకు చైనా భాష వినిపించారు. కొందరికి ఆ భాష మాట్లాడేవారు ఎదురుగా కూర్చుని పుస్తకాలు చూపిస్తూ, బొమ్మలతో ఆడిస్తూ మాట్లాడారు. మరికొందరికి అవే మాటలు, అదే మనుషులు, కానీ టీవీలో. ఒక్కొక్కటి ఇరవై అయిదు నిమిషాల లెక్కన పన్నెండు సార్లు. చివర్లో చూస్తే, మనుషుల దగ్గర విన్న పిల్లలు ఆ భాషలోని శబ్దాలను విడదీసి గుర్తుపట్టగలిగారు. టీవీలో విన్న పిల్లలు అసలు ఆ భాషే విననివారితో సమానంగా మిగిలారు.

మరి ప్రత్యేకంగా పసిపిల్లల కోసమే తయారుచేసిన విద్యా వీడియోల మాటేమిటని అడగవచ్చు. 2010లో జూడీ డెలోష్ బృందం ఆ సంగతీ చూసింది. ఏడాది నుంచి ఏడాదిన్నర వయసు పిల్లలకు పదాలు నేర్పే వీడియోను నెల రోజులపాటు ఇళ్ళలో చూపించారు. వీడియో చూసిన పిల్లలు చూడని పిల్లలకంటే ఎక్కువ పదాలేమీ నేర్చుకోలేదు. వీడియో లేకుండా, ఆ పదాలే తల్లిదండ్రులు రోజువారీ పనుల్లో వాడిన ఇళ్ళ పిల్లలే ఎక్కువ నేర్చుకున్నారు. మాకు అన్నిటికంటే ఆసక్తిగా తోచిన విషయం ఇంకొకటి. వీడియో తమకు బాగా నచ్చిన తల్లిదండ్రులే తమ బిడ్డ దానివల్ల ఎంతో నేర్చుకున్నాడని నమ్మారు. మా బాబు నానీ మురిపెం కూడా ఇలాంటిదే. ఆమెను తప్పుపట్టడం లేదు, ఆ మురిపెం మా ఇళ్ళలోనూ చూశాం.

ఇక బాబు రోజు ఎలా గడుస్తుందో తెలుసుకోవాలనుకున్నాం. ఎంతసేపు చూస్తాడని అడిగితే, "ఎంతో కాదు సార్, అన్నం తినేటప్పుడు ఒక్కటే" అన్నారు. ఈ జవాబు ప్రతి ఇంట్లోనూ వస్తుంది. అబద్ధం చెప్పాలని కాదు, ఎవరూ లెక్కపెట్టరు గనుక. అందుకని ఒక కాగితం మీద గంటలు రాసిచ్చి, మూడు రోజులు ఫోను చేతికిచ్చినప్పుడల్లా ఒక గీత, టీవీ పెట్టినప్పుడల్లా ఇంకో గీత గీయమన్నాం. నానీ నిజాయితీగా గీసింది. మూడు పూటల తిండికి ఒక్కోసారి నలభై నిమిషాలు, అంటే రెండు గంటలు. మధ్యాహ్నం అమ్మీ మిషన్ మీద కూర్చున్నప్పుడు గంటన్నర. రాత్రి నిద్రపోయే ముందు గంట. మొత్తం నాలుగున్నర గంటలు. దీనికి తోడు ముందు గదిలో టీవీ పొద్దున్నుంచి రాత్రి పదింటిదాకా మోగుతూనే ఉంది. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, ఎందుకంటే బాబు దాన్ని చూడడు.

చూడని టీవీ కూడా నష్టం చేస్తుందన్నది చాలామందికి కొత్త సంగతి. టీవీ మోగుతున్న గదిలో పెద్దవాళ్ళే తక్కువ మాట్లాడతారు. సీరియల్ వస్తుంటే నానీ సగం చెవి అటే ఉంటుంది. బాబు బొమ్మ తెచ్చి చూపిస్తే "హా, హా" అని ఊరుకుంటుంది. పిల్లవాడు మాత్రం రెండోసారి తీసుకురాడు. 2024లో ఆస్ట్రేలియాలో వెలువడిన ఒక అధ్యయనంలో 220 కుటుంబాల పిల్లల దుస్తుల్లో చిన్న రికార్డింగ్ పరికరం పెట్టి, ఇంట్లో ఎన్ని మాటలు నడుస్తున్నాయో, తెర ఎంతసేపు మోగుతోందో ఏడాది నుంచి మూడేళ్ళ వయసు దాకా కొలిచారు. మూడేళ్ళ వయసులో తెర నడిచిన ప్రతి అదనపు నిమిషానికి పిల్లవాడు పెద్దల నోటి నుంచి వినే మాటలు దాదాపు ఏడు తగ్గాయి, వాడు పలికే పలుకులు అయిదు తగ్గాయి, ఇద్దరి మధ్య మాటకు మాట అందే సందర్భం ఒకటి తగ్గింది. ఒక్క నిమిషానికి ఇంతేనా అనిపిస్తుంది. రోజుకు మూడు గంటలు అనుకుంటే పెద్దల మాటలే వెయ్యికి పైగా తగ్గినట్టు. బాబు ఇంట్లో లెక్క ఇంకా పెద్దది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకపోతే తప్పవుతుంది. మాటలు ఆలస్యమైన ప్రతి బిడ్డకూ ఫోనే కారణమని తేల్చేయడం ప్రమాదం. మా కేంద్రంలోనే ఒక పాప ఉండేది. దాదాపు మూడేళ్ళు, మాటలు చాలా తక్కువ, పిలిచినా ఒక్కోసారి తిరిగేది కాదు. ఫోను చూసి చూసి ఇలా అయిందని ఇంటిల్లిపాదీ తల్లిని తిట్టారు. ఫోను మాన్పించారు, నెలలు గడిచాయి, మార్పు లేదు. చివరకు వినికిడి పరీక్ష చేయిస్తే తెలిసింది, తరచూ వచ్చే జలుబు వల్ల రెండు చెవుల్లో కర్ణభేరి వెనుక నీరు చేరి ఉంది. ఆ బిడ్డకు లోకమంతా గోడ అవతలి నుంచి వినిపిస్తున్నట్టు ఉండేది. ఫోను మీద నేరం మోపిన ఆ నెలలే వృథా అయ్యాయి.

కాబట్టి బాబుకు కూడా మేము మొదట చేసింది చెవి పరీక్షకు పంపడం. వాడి వినికిడి బాగానే ఉంది. తర్వాత ఇంకొన్ని చూశాం. పేరు పెట్టి పిలిస్తే తిరుగుతున్నాడా? తిరిగాడు. తనకు నచ్చింది వేలితో చూపించి, మనం చూశామా లేదా అని మన ముఖంలోకి చూస్తున్నాడా? చూశాడు. "నానీ చెప్పులు తే" అంటే తెచ్చాడు, సైగ చేయకుండానే. అంటే మాట అర్థమవుతోంది, బయటికి రావడం లేదు. ఈ మూడింటిలో ఏదైనా లేకపోయినా, వచ్చిన మాటలు పోయినా, ఇంట్లో ప్రయోగాలు చేస్తూ కూర్చోకూడదు. రెండేళ్ళు నిండినా యాభై మాటలైనా లేకపోతే, రెండు మాటలు కలిపి చెప్పకపోతే డాక్టరుకు చూపించాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో ఏర్పాటైన ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్లలో ఇలాంటి పిల్లలను ఉచితంగా చూస్తారు. ఫోను తగ్గించడం, డాక్టరుకు చూపించడం రెండూ ఒకేసారి నడవాలి. ఒకటి అయ్యాక రెండోది అనుకుంటే కాలం పోతుంది.

బాబుకు సొంతంగా వాడే మాటలు ఎన్ని ఉన్నాయో కూడా లెక్కించాం. అప్పజెప్పేవి వదిలేసి, అవసరానికి వాడేవి మాత్రమే రాయమన్నాం. అమ్మీ, నానీ, దూద్, బువ్వ, నై, ఇలా పదకొండు వచ్చాయి. ఉర్దూ, తెలుగు కలిపే లెక్కపెట్టాం. రెండు మూడు భాషల ఇంట్లో అలాగే లెక్కించాలి. రెండు భాషల వల్లే మాటలు రావడం లేదని, ఇంట్లో ఒక భాష మానేయమని సలహా ఇచ్చేవారున్నారు. అది సరైన సలహా కాదు. రెండు భాషలు వినడం వల్ల బిడ్డకు భాషాలోపం రాదు. నానీకి ఏ భాషలో నోరు స్వేచ్ఛగా ఆడుతుందో ఆ భాషలోనే మాట్లాడాలి. ఆమెను ఉర్దూ మాని ఇంగ్లీషులో యాపిల్, బాల్ అనమంటే ఉన్న నాలుగు మాటలూ ఆగిపోతాయి.

ఎంతసేపు చూడనివ్వవచ్చన్నదానికి పెద్ద సంస్థల మాట దాదాపు ఒకటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో, రెండేళ్ళ లోపు పిల్లలకు తెర వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ వారికి రోజుకు గంట మించకూడదని, ఇంకా తగ్గితే ఇంకా మంచిదని చెప్పింది. మన దేశంలోని పిల్లల వైద్యుల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా రెండేళ్ళ లోపు వద్దనే అంటుంది, దూరాన ఉన్న బంధువులతో వీడియో కాల్ తప్ప. రెండు నుంచి అయిదేళ్ళ వరకు గంట లోపు, అదీ పెద్దవాళ్ళు పక్కన ఉండగా.

వీడియో కాల్‌కు ఈ మినహాయింపు ఎందుకో మన ఇళ్ళకు బాగా తెలియాలి. కువైట్ నుంచి అబ్బా ఫోనులో కనిపించి "క్యా ఖాయా బేటా" అంటే, బాబు చేతిలోని బిస్కెట్ చూపిస్తాడు, అబ్బా "బిస్కెట్ ఖాయా?" అని నవ్వుతాడు. తెర ఉన్నా అది మాటకు మాటే. రెండేళ్ళు దాటిన పిల్లలు ఇలా ఎదుటివారు జవాబిచ్చే వీడియో కాల్ నుంచి కొత్త మాటలు నేర్చుకోగలరని, అదే మనిషిని రికార్డు చేసి చూపిస్తే నేర్చుకోలేరని పరీక్షల్లో తేలింది. తండ్రి కాల్‌ను కూడా కోత పెట్టేసిన ఇల్లు ఒకటి మేము చూశాం. అది అవసరం లేని కోత.

బాబు ఇంట్లో నాలుగున్నర గంటలను ఒక్కరోజులో గంటకు తెమ్మని మేము చెప్పలేదు. చెప్తే రెండు రోజుల్లో నానీ చేతులెత్తేసేది. మొదట టీవీ. బాబు మేలుకొని ఉండగా ముందు గదిలో టీవీ కట్టేయాలన్నాం. నానీకి అన్నిటికంటే కష్టమైంది ఇదే. ఆమె సీరియల్ చూసే సమయాన్ని బాబు మధ్యాహ్నం నిద్ర మీదికి మార్చుకుంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే భయమేస్తోందని మొదటి వారం అంది. ఆ నిశ్శబ్దంలోనే ఆమె బాబుతో మాట్లాడడం మొదలుపెట్టింది.

రెండో వారం తిండి. ఇక్కడే చాలా ఇళ్ళు ఓడిపోతాయి, ఎందుకంటే బిడ్డ తినకపోతే మన ప్రాణం ఒప్పుకోదు. ఫోను ముందు నోరు తెరిచే బిడ్డకు ఆకలి తెలియదు, కడుపు నిండడం తెలియదు, ఏం తిన్నాడో కూడా తెలియదు. ఫోను తీసేశాక మొదటి మూడు రోజులు బాబు ఏడ్చాడు, సగమే తిన్నాడు. వెంటపడి తినిపించవద్దని, అందరితోపాటు దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోబెట్టి, వాడి చేతికే ముద్ద ఇచ్చి, ఇరవై నిమిషాల తర్వాత పళ్ళెం తీసేయమని చెప్పాం. మధ్యలో బిస్కెట్లు, చిప్స్ పెడితే ఇదంతా దండగ. ఆరో రోజుకు తినడం దారిలో పడింది. బరువు తక్కువగా ఉన్న బిడ్డ, జబ్బు చేసిన బిడ్డ అయితే డాక్టరును అడగకుండా ఈ పద్ధతి మొదలుపెట్టవద్దు.

మూడో వారం రాత్రి ఫోను. పడుకునే గంట ముందు నుంచి తీసేసి, ఆ సమయానికి స్నానం, దీపం తగ్గించడం, నానీ కథ. బాబు నాలుగు రోజులకే దీనికి అలవాటు పడ్డాడు, మేము ఊహించినదానికంటే తొందరగా.

మధ్యాహ్నం గంటన్నరను మాత్రం చివరికి వదిలాం. ఆ సమయం అమ్మీ కూలి. జాకెట్టు కుట్టి ఇస్తేనే డబ్బు వస్తుంది. ఆ తల్లికి ఫోను వినోదం కాదు, పిల్లవాణ్ణి పట్టుకునే మనిషి. ఆ మనిషిని తీసేసి ఇంకో మనిషిని ఇవ్వకుండా ఆమెకు నీతులు చెప్పే హక్కు మాకు లేదు. ఆ గంటల్లో బాబు మా కేంద్రంలో ఉండేలా సమయం మార్చాం. సెలవు రోజుల్లో అరగంట టీవీ, ఫోను కాదు. టీవీ గోడకు ఉంటుంది, వాడి చేతిలో ఉండదు, అయిపోతే కట్టేయవచ్చు, నానీ పక్కన కూర్చుని "బిల్లీ కహాఁ గయీ?" అని అడగవచ్చు. మిగతా సమయం మిషన్ పక్కనే పెద్ద గుడ్డముక్కల బుట్ట. గుండీలు, సూదులు, చిన్న రీళ్ళు దాంట్లో ఉండకూడదని గట్టిగా చెప్పాం, నోట్లో పెట్టుకునే వయసు.

ఫోను తీసేస్తే మాటలు వాటంతటవే రావు. ఖాళీ అయిన చోట మనిషి మాట నిండాలి. నానీకి మేము నేర్పింది ఒకే ఒక పద్ధతి. బాబు చూస్తున్నదాని గురించే మాట్లాడాలి, చిన్న మాట అనాలి, ఆ తర్వాత మనసులో అయిదు లెక్కపెట్టేదాకా నోరు మూసుకోవాలి. ఈ అయిదు లెక్కపెట్టడమే కష్టం. బాబు కుండ దగ్గరికి లాగితే వెంటనే నీళ్ళు ఇచ్చేయకుండా, గ్లాసు పట్టుకుని "పానీ?" అని వాడి ముఖంలోకి చూసి ఆగాలి. "పా" అన్నా చాలు, వెంటనే ఇచ్చేయాలి, ఇస్తూ "ఠండా పానీ" అని ఒక మాట కలపాలి. సరిగ్గా అనేదాకా నీళ్ళు ఇవ్వకుండా ఏడిపించకూడదు. "ఇది ఏంటి, అది ఏంటి" అని పరీక్షలు పెట్టడం కూడా మాన్పించాం. వాడు అప్పటికే పరీక్షలు బాగా రాయగల పిల్లవాడు.

ఆరు వారాలకు నానీ కాగితంలో ముప్పై రెండు మాటలు ఉన్నాయి. మూడో నెలలో ఒకరోజు ఫోను తెచ్చి అమ్మీ ఒడిలో పెట్టి "అబ్బా కాల్" అన్నాడట. రెండు మాటలు కలిపి చెప్పడం అదే మొదలు. ఇదంతా ఫోను తగ్గించడం వల్లే జరిగిందని మేము ప్రమాణం చేయలేం. ఆ వయసులో కొందరు పిల్లలు వాళ్ళంతట వాళ్ళే అందుకుంటారు. పైగా వాడు స్పీచ్ థెరపిస్టు దగ్గరికీ వెళ్తున్నాడు. వయసుకు ఉండవలసినదానికి ఇంకా వెనకే ఉన్నాడు, వెళ్ళడం మానవద్దని చెప్పాం. రెడ్, బ్లూ ఇప్పటికీ అంటాడు, కాకపోతే గుడ్డముక్క చూపించి, మనవైపు చూసి అంటాడు.

టీవీ ఇస్తామన్న ఆ దాతతో తర్వాత కూర్చుని ఈ సంగతులే మాట్లాడాం. ఆ టీవీ ధరతో ఏం చేయవచ్చని వారే అడిగారు. రెండో ఆయాకు కొన్ని నెలల జీతం వస్తుందని లెక్క చెప్పాం. ఒక్క ఆయా పన్నెండు మంది పిల్లలను చూస్తే, కొట్టుకోకుండా, పడకుండా కాపలా కాయడమే అవుతుంది. ఆరుగురినే చూస్తే ఒక్కొక్కరి ముఖంలోకి చూసి అయిదు లెక్కపెట్టడానికి ఆమెకు తీరిక దొరుకుతుంది. వారు ఒప్పుకున్నారు. ఆ రెండో ఆయా మధ్యాహ్నం పూట వస్తోంది, తల్లులు మిషన్ల మీద కూర్చునే వేళకు.